పోయే ముందు చేతిలో పెట్టిన బీరువా తాళంచెవి: నగలు ఎవరివి?

మా మేనత్త క్యాన్సర్‌తో మంచం పట్టింది. పోవడానికి 12 రోజుల ముందు నన్ను పిలిచి, బీరువా తాళంచెవి నా చేతిలో పెట్టి, 'నేను పోతే ఇందులో నగలన్నీ నీవేనే, ఈ ఇల్లు కూడా నీకే' అంది. అప్పుడు పక్కింటావిడ అక్కడే ఉంది. ఇప్పుడు అత్త కొడుకులు 'వీలునామా లేదు, ఏదీ చెల్లదు' అంటున్నారు. నాకేమైనా హక్కుందా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

ఇంటి సంగతి ముందే తేల్చేస్తాను. దాని మీద ఆశ వదులుకోండి. స్థిరాస్తి నోటిమాటతో చేతులు మారదు. ఆవిడ దస్తావేజులు మీ చేతికిచ్చి ఉన్నా అంతే. ఇల్లు దానంగా ఇవ్వాలంటే ఇద్దరు సాక్షులతో రిజిస్టరైన దానపత్రం ఉండాలి, లేదా ఇద్దరు సాక్షులు సంతకం చేసిన వీలునామా ఉండాలి. రెండూ లేవు కాబట్టి ఇల్లు ఆవిడ పిల్లలకు వెళ్తుంది. పిల్లలు ఉండగా అన్నగారి కూతురికి వారసత్వంలో వాటా రాదు.

నగల దగ్గర మాత్రం మీ బావలు చెబుతున్నది సరికాదు. చావు దగ్గరపడిందని తెలిసిన రోగి తన చరాస్తిని 'నేను పోతే నీది' అని చేతికి అప్పగిస్తే, దానికి వీలునామా అక్కర్లేదు. భారత వారసత్వ చట్టం, 1925లోని 191వ సెక్షన్ దీన్నే చెబుతుంది. తాళంచెవి ఉదాహరణ కూడా ఆ సెక్షన్ కిందే ఉంది: పెట్టె లోపలి సామాను మీద అజమాయిషీ ఇవ్వాలన్న ఉద్దేశంతో రోగి దాని తాళంచెవి ఇచ్చి చనిపోతే, పెట్టె, అందులోని సామాను పుచ్చుకున్నవారివే. అదే రోగి కొన్ని వస్తువులను పొట్లాలు కట్టి, పేర్లు రాసి, ఎవరికీ ఇవ్వకుండా తన దగ్గరే పెట్టుకుని పోతే చెల్లదని పక్క ఉదాహరణ. అంటే పేరు రాయడం కంటే చేతికివ్వడమే ఇక్కడ ముఖ్యం.

వీలునామాకు ఈ అప్పగింత అవసరం లేదు. అది మరణం తర్వాతే పని చేస్తుంది, ఇంటికీ పొలానికీ కూడా వర్తిస్తుంది. రోగి కోలుకున్నా, తాను రద్దు చేసుకునే దాకా అది అలాగే ఉంటుంది. మామూలు దానం ఇచ్చిన రోజే పూర్తవుతుంది, మనసు మారిందని వెనక్కి అడగడానికి వీల్లేదు. మీ అత్తగారు చేసింది ఈ రెంటికీ మధ్యది. ఆవిడ బతికుండగా ఎప్పుడైనా తాళంచెవి వెనక్కి తీసుకోవచ్చు. జబ్బు నయమై లేచి తిరిగినా, ఆవిడ కంటే ముందు మీరు పోయినా, ఆ దానం దానంతటదే పోతుంది.

ఇక మీ కేసు ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ జారుతుందో చూద్దాం. కోర్టులో మొదటి ప్రశ్న, ఆ 12 రోజులూ తాళంచెవి ఎవరి దగ్గరుంది? మీ దగ్గరే ఉంటే మంచిదే. మర్నాడే మళ్లీ అత్తగారి దిండు కింద చేరి ఉంటే, వెనక్కి తీసుకున్నారని అవతలి లాయరు వాదిస్తాడు. డూప్లికేట్ తాళంచెవి కొడుకుల దగ్గర ఉందా అన్నది రెండో ప్రశ్న. చాలామంది మరిచిపోయేది మరొకటుంది: ఇనప బీరువాలో నగలుండే లోపలి అరకు సాధారణంగా వేరే తాళంచెవి ఉంటుంది. మీకు బయటి తలుపు తాళంచెవి ఒక్కటే ఇచ్చి ఉంటే, లోపలి అరలోని బంగారం అప్పగించినట్టేనా అన్నది గట్టిగా తగువు పడే విషయం. రెండూ ఒకే గుత్తిలో ఉంటే మీ బలం చాలా పెరుగుతుంది.

సెక్షన్‌లో మాట 'ఆ జబ్బుతో పోతే' అని. అందుకని ఆస్పత్రి కేస్ షీటు, డిశ్చార్జి సమ్మరీ, మరణ కారణాన్ని డాక్టరు ధ్రువీకరించిన కాగితం (ఆస్పత్రిలో పోతే ఫారం 4, ఇంట్లో పోతే ఫారం 4ఎ) కాపీలు సంపాదించండి. 'నేను పోతే' అన్న షరతు రాతలో లేదని బెంగపడకండి. పరిస్థితులను బట్టి దాన్ని గ్రహించవచ్చని సుప్రీంకోర్టు 1991లో ఒక గిఫ్ట్ ట్యాక్స్ కేసులో చెప్పింది. అయితే రుజువు భారం మీదే, కనుక పక్కింటావిడ సాక్ష్యం మీకు ప్రాణం. ఆవిడ విన్న మాటలు విన్నట్టే చెబితే చాలు, మీరు నేర్పించబోకండి.

బీరువా ఇంకా వాళ్లింట్లోనే ఉంటే ఒంటరిగా వెళ్లి తెరవొద్దు, దొంగతనం కేసు పెట్టడానికి మీరే దారి చూపినట్టవుతుంది. పెద్దమనుషుల ఎదుట, బావలను కూడా పిలిచి తెరిపించి, ఒక్కో నగ తూకం వేయించి జాబితా రాసి అందరి సంతకాలూ తీసుకోండి. వాళ్లు రాకపోతే, బీరువా కదపకూడదని లాయరు నోటీసు ఇప్పించి, గుంటూరు సివిల్ కోర్టులో దావాతో పాటు తాత్కాలిక ఇంజంక్షన్ అడగండి. వాళ్లు ముందే నోటీసు పంపితే గడువులోపు జవాబివ్వండి. అందులో తేదీ, తాళంచెవి అప్పగించిన తీరు, సాక్షి పేరు మొదటిసారే సరిగ్గా రాయించండి.