లేడీస్ పార్లర్‌లో జెంట్స్ సెక్షన్ పెట్టాలా?

మా లేడీస్ పార్లర్ బాగానే నడుస్తోంది. పక్క గది ఖాళీగా ఉంది. అందులో జెంట్స్ సెక్షన్ పెడితే గిట్టుబాటు అవుతుందా?

ముందు ఆ గదికి బయటినుంచి వేరే తలుపు పెట్టగలరేమో చూడండి. లేకపోతే ఆలోచన మానేయడమే మేలు. త్రెడింగ్ చేయించుకుంటూనో, తలకు రంగు పట్టించుకునో కూర్చున్న ఆవిడ ముందునుంచి మగవాళ్ళు తిరుగుతుంటే ఆవిడ మీతో ఏమీ అనదు, మెల్లగా రావడం మానేస్తుంది. కర్టెన్ కడితే సరిపోదు, మాటలు వినపడతాయి.

తలుపు కుదిరితే ఒక్క కుర్చీకి లెక్క వేయండి. కటింగ్‌కి, శుభ్రం చేయడానికి కలిపి 40 నిమిషాలు అనుకుంటే, రోజంతా చాలామందికి చేయొచ్చనిపిస్తుంది. కానీ మగవాళ్ళు ఎక్కువగా వచ్చేది సాయంత్రాలు, ఆదివారాలు. మామూలు రోజుల్లో 5 మంది, ఆదివారం 12 మంది అనుకుంటే వారానికి 42. నెలకోసారి వచ్చేవాళ్ళతో ఆ కుర్చీ నిండాలంటే దాదాపు 170 మంది ఖాయమైన కస్టమర్లు కావాలి. మీకు 300 మంది రెగ్యులర్లు ఉండి, నలుగురిలో ఒకరు తమ ఇంటి మగవాళ్ళను పంపినా వచ్చేది 75 మందే. మిగతావాళ్ళు వీధిలోంచి రావాలి, అంటే పక్కనున్న సెలూన్‌ను వదిలి రావాలి. గడ్డం ట్రిమ్మింగ్‌కి రెండు వారాలకోసారి వచ్చేవాళ్ళుంటే ఈ సంఖ్య కొంత తగ్గుతుంది.

మీ బ్యూటీషియన్‌తోనే మెషిన్ కటింగ్ చేయించి జీతం మిగుల్చుకుందామనుకోకండి. చెవుల పక్కన ఫేడ్‌లో గీతలు మిగిలిపోతే ఆ కస్టమర్ రెండోసారి రాడు.