ఫోను మోగాక మొదలవ్వాల్సిన కథ

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ చదివాను. రైతు ఫోనుని పాలిథిన్ కవర్లో చుట్టి తలపాగాలో దోపుకోవడం బాగుంది, అది చూసి రాసిందే. మిగతాది చదువుతుంటే చిరాకేసింది.

తుఫాను వస్తోందని మెసేజ్ వచ్చింది. నీ రైతు ఆకాశంకేసి చూశాడు. తెల్లారేసరికి కోత మిషను వచ్చింది, పొద్దుగూకేసరికి ధాన్యం ఇల్లు చేరింది, ఇంతలో ధర బాగుందని ఇంకో మెసేజ్ వచ్చింది, అమ్మేశాడు. ఏమయ్యా, ఆ మెసేజ్ ఆయనొక్కడికే వచ్చిందా? ఊరందరి ఫోన్లూ ఒకేసారి మోగుతాయి. ఊరంతా ఒకే మిషను వెనక పడతారు. సార్వా చివర్లో చేలో ఇంకా తేమ ఉంటే టైర్ల మిషను దిగబడుతుంది, చైను మిషనే కావాలి. అది ఏ ఊళ్లో ఉందో, గంటకి ఎంత అంటున్నారో, ముందు ఎవరి చేలో దిగుతుందో, అదీ కథంటే.

రైతు కథలో లెక్క ఉండాలని నేను ముప్పై ఏళ్లుగా మొత్తుకుంటున్నాను. రైతు రాత్రి పడుకుని లెక్కలే వేసుకుంటాడు, మనం మాత్రం ఆయన చేత నిట్టూర్పులు విడిపిస్తాం. ఒకప్పుడు నా కథ ఒకటి వారపత్రికకి పంపితే, అందులో బస్తాల లెక్క ఉన్న పేజీన్నర కొట్టేసి, ఆ చోట ‘అతని కళ్లు చెమర్చాయి’ అని సంపాదకుడే రాసుకున్నాడు. నా రైతు కథలో ఎక్కడా ఏడవడు. పారితోషికం మనియార్డరు వస్తే ఆ డబ్బుతో యూరియా కొన్నాను గానీ, ఆ సంచిక ఇంట్లో ఉంచలేదు.

సరే, నీ కథ సంగతి. 2023 డిసెంబరులో పెట్టావు. మిచాంగ్ తుఫాను 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. నీ రైతుకి 2న మెసేజ్ వచ్చిందనుకుందాం. మూడెకరాలు, పంట పండింది, కోయలేదు. మిషనుతో కోస్తే గింజ పచ్చిగానే వస్తుంది, తేమ 22 శాతం ఉందనుకో. కొనుగోలు కేంద్రంలో 17 దాటకూడదు. ఎండబెట్టడానికి ఎండేదీ? ఆ ఏడాది సాధారణ రకానికి మద్దతు ధర క్వింటాకి 2183 రూపాయలు. మెసేజ్‌లో ధర క్వింటాల్లో వస్తుంది, మన వాళ్లు మాట్లాడుకునేది 75 కిలోల బస్తా, అంటే 1637. పచ్చి బస్తా 17 శాతానికి ఎండేసరికి నాలుగున్నర కిలోలు తగ్గుతుంది, సుమారు 98 రూపాయలు. కాబట్టి పచ్చి బస్తాకి న్యాయంగా రావాల్సింది 1539. కళ్లంలో నిలబడ్డ దళారి 1350 అంటాడు. మిగతా దాదాపు 190 రూపాయలూ ఎవరివి? అవి ఆకాశం మబ్బుపట్టినందుకు దళారి కోసుకునేవి. నీ కథలో దళారే లేడు, ధర నేరుగా ఫోనులోంచి జేబులోకి దిగింది!

పోనీ కోయకుండా ఉంచితే? గాలికి చేను పడిపోతుంది, నీళ్లలో నానిన వెన్నులు మొలకెత్తుతాయి. పడిన చేను మీద లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి చల్లితే మొలకలు కొంత ఆగుతాయి. ఎకరానికి 200 లీటర్లు పడితే పది కిలోల ఉప్పు. కానీ ముందు నీరు బయటికి పోవాలి. మన డెల్టాలో అదే కష్టం. సముద్రం పోటు మీదుంటే మురుగు కాలువే ఎదురు తన్నుతుంది, నువ్వు బోదె తవ్వినా నీరు కదలదు. అన్నిటికన్నా చెడ్డది కోసి పనల మీద వదిలేయడం. నీ కథలో పక్క చేను వాడికి ఆ గతి పట్టించి ఒక్క వాక్యంతో దాటేశావు. పనలు తేలుతుంటే మోకాళ్ల లోతు నీళ్లలో ఏరి గట్టు మీదికి చేర్చడం నేను చూశాను. చేతికొచ్చేవి నల్లబడి, మొలకొచ్చి, ముక్కిన వాసన కొడతాయి.

ఇక్కడే నీకు కావాల్సిన నిర్ణయం దొరుకుతుంది. మెసేజ్ జిల్లాకంతటికీ ఒకటే. ఆ మూడెకరాల్లో ఏది పల్లమో, ఏది మెరకో దానికి తెలియదు, ఆయనకి తెలుసు. దొరికిన మిషను గంటలు చాలకపోతే పల్లంలో రెండెకరాలు కోయించి, పచ్చి ధాన్యం తక్కువ ధరకి తోసేసి, మెరకమీది ఎకరం నిలబెట్టి, చుట్టూ బోదె తీసి ఉప్పు సిద్ధం చేసుకుంటాడు. లేదా బరకాలు అద్దెకి తెచ్చి, ధాన్యం పశువుల పాకలో పోసి, రోజూ తిరగేస్తూ తేమ మీటరు 17 చూపే దాకా ఆగుతాడు. రెండిట్లో ఏదైనా రాయి. ఇంట్లో ఆవిడ ఏ పక్షమో కూడా రాయి, నీ కథలో ఆవిడ టీ మాత్రమే ఇచ్చింది.

మాండలికం ఎంత వాడాలి, పోటీకి పంపనా అని అడిగావు. ముందు ధాన్యం అమ్మించు.

తిరగరాసినప్పుడు మీటరులో ఎంత పడిందో, బస్తా ఎంతకి పోయిందో తప్పక వెయ్యి. నేను కాగితం పెట్టి కూడి చూస్తాను.