టెక్ సందేహాలు: పాత యాప్ చూసి కొత్త యాప్‌కి రోజులు చెప్పొచ్చా?

ప్రశ్న: మాది విజయవాడలో ఎనిమిది మంది ఉన్న చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు. ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌కి రిపోర్టుల యాప్ చేయాలి, 28 స్క్రీన్లు వస్తాయి. మేం చేసిన స్కూల్ ఫీజుల యాప్‌తో పోల్చి రోజులు చెప్పేద్దామని మా పార్టనర్ అంటాడు. స్క్రీన్‌కి ఇన్ని రోజులని లెక్కగడదామని నేనంటాను. 2020 నుంచి చేసిన ఆరు యాప్‌ల లెక్క ఎక్సెల్‌లో ఉంది. స్క్రీన్లు 12, 18, 20, 25, 30, 34. మ్యాన్‌డేస్ వరసగా 74, 80, 112, 108, 150, 148. స్కూల్ యాప్ 20 స్క్రీన్లది. ఏది పట్టుకోవాలి?

జవాబు: ముందు మీ పార్టనర్ లెక్క. దీన్ని అనలాగస్ ఎస్టిమేట్ అంటారు. స్కూల్ యాప్‌కి స్క్రీన్‌కి 5.6 రోజులు పట్టాయి కాబట్టి 28 స్క్రీన్లకు 157 రోజులు. బాగానే ఉంది. ఇప్పుడు స్కూల్ యాప్ బదులు మీ 25 స్క్రీన్ల యాప్‌ని పక్కన పెట్టుకుని ఇదే లెక్క చేయండి, 121 వస్తుంది. పని ఒకటే, ఆఫీసు ఒకటే, తేడా 36 రోజులు. ఎందుకంటే మీ పార్టనర్‌కి గుర్తున్నది స్కూల్ యాప్. గుర్తుండిపోయే ప్రాజెక్టు సాధారణంగా ఏడిపించిన ప్రాజెక్టే అయి ఉంటుంది. మీ ఆరింటిలో స్క్రీన్‌కి ఎక్కువ రోజులు తిన్నవాటిలో అదొకటి.

ఇంకో తిరకాసు కూడా ఉంది. లాగిన్, సర్వర్ పెట్టడం, ప్లేస్టోర్‌లోకి ఎక్కించడం లాంటి పనులు 12 స్క్రీన్లకైనా 34కైనా దాదాపు అంతే. మొత్తం రోజుల్ని స్క్రీన్లతో గుణిస్తే ఈ కదలని పని కూడా పెరిగిపోతుంది. చిన్న యాప్ నుంచి పెద్దదానికి లెక్కేస్తే ఎక్కువ చెబుతారు, పెద్దదాన్నుంచి చిన్నదానికి లెక్కేస్తే తక్కువ చెప్పి మునుగుతారు.

మీ పద్ధతి పారామెట్రిక్. స్క్రీన్లు B కాలమ్‌లో, మ్యాన్‌డేస్ C కాలమ్‌లో పెట్టి ఇవి కొట్టండి:

```
=SLOPE(C2:C7,B2:B7)
=INTERCEPT(C2:C7,B2:B7)
=STEYX(C2:C7,B2:B7)
=FORECAST.LINEAR(28,C2:C7,B2:B7)
```

స్క్రీన్‌కి 3.75 రోజులు, స్క్రీన్లతో సంబంధం లేని పనికి 25 రోజులు, 28 స్క్రీన్లకు మొత్తం 130 అని వస్తుంది. మొదటిది 3.75 కాకుండా 0.24 వస్తే B, C తారుమారు చేశారని అర్థం. చాలామంది అక్కడే తప్పు చేస్తారు.

కానీ 130 రాసి సంతకం పెట్టొద్దు. STEYX చూడండి, 12.3. మీ పాత యాప్‌లు ఈ ఫార్ములా గీసే గీత నుంచి మామూలుగా అంత దూరం పడ్డాయన్నమాట. ఆరు వరసలే ఉన్నాయి కాబట్టి కొత్తదానికి దాన్ని 14 దాకా పెంచుకోవాలి. అయిదింట నాలుగుసార్లు నిలబడే మాట చెప్పాలంటే దాన్ని మళ్లీ సుమారు ఒకటిన్నరతో గుణించాలి. అంటే అటూ ఇటూ 21. సెంటర్‌ వాళ్లకు మీరు నిజాయితీగా చెప్పగలిగింది 109 నుంచి 151 వరకు. ఈ మధ్య కొన్ని ఎస్టిమేషన్ సాఫ్ట్‌వేర్లు ఇలాంటి చోట '130.11 రోజులు' అని చూపిస్తున్నాయి. దశాంశం పక్కన రెండు అంకెలు పెట్టినవాడికి ఈ 21 గురించి తెలియదో, తెలిసి దాచాడో గానీ, రెండూ క్షమించదగ్గవి కావు.

రేపు వాళ్లు 50 స్క్రీన్లు కావాలంటే ఇదే ఫార్ములా తడుముకోకుండా 213 అంటుంది. మీరు 34కి మించి ఎప్పుడూ చేయలేదు. ఆ పైన ఖర్చు ఎలా పెరుగుతుందో ఈ షీట్‌కు తెలియదు. అలాగని ఎవరో కట్టిన రెడీమేడ్ ఫార్ములా తెచ్చుకోవడమూ దండగే. 1981లో వచ్చిన కోకోమో అనే ఎస్టిమేషన్ ఫార్ములాలోని 2.4, 1.05 అంకెలను ఇప్పటికీ వాడేవాళ్లున్నారు. అవి అప్పటి 63 ప్రాజెక్టుల నుంచి తీసినవి. మీ ఆరు వరసలు చిన్నవే అయినా మీ మనుషులవి.

ఇక మీరిద్దరూ అడగని సంగతి. నాకు భయం వేసేది దీనికే. పాత డేటాలో లేని పని ఏ పద్ధతిలోనూ ఎస్టిమేట్‌లోకి రాదు. స్కూల్ ఫీజుల యాప్‌లో డేటా బయటపడితే ఎవరు ఎంత కట్టారో తెలుస్తుంది. ఇక్కడ బయటపడేది జనం రక్తపరీక్షలు.

రిపోర్టు తెరిచే లింకు చివర `?id=1045` అని ఉందనుకోండి. ఆ రిపోర్టు మనిషి ఊరికే దాన్ని `1046` చేసి చూస్తే పక్కింటాయన రిపోర్టు వచ్చేస్తుంది. లాగిన్ ఉన్నా సరే, 'ఈ రిపోర్టు ఈయనదేనా' అని సర్వర్ ప్రతిసారీ అడగకపోతే ఇదే జరుగుతుంది. దీన్ని సరిగ్గా చేయడానికి రోజులు పడతాయి, కానీ ఒక్క స్క్రీన్ కూడా పెరగదు. వాట్సాప్‌లో పంపిన రిపోర్టు లింకు కొన్ని గంటలకు చచ్చిపోవాలన్నా అంతే. సెంటర్ ఉద్యోగి ఎవరి రిపోర్టు ఎప్పుడు తెరిచాడో లాగ్ రాయాలన్నా అంతే. స్క్రీన్లు లెక్కపెట్టే ఫార్ములాకు వీటి ధర సున్నా.

పైగా మీ షీట్ 2020 నుంచి మొదలవుతోంది. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లు 180 రోజులు దాచాలి, సైబర్ ఘటన తెలిసిన 6 గంటల్లో చెప్పాలి. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. అంతకు ముందు చేసిన యాప్‌ల వరసల్లో వీటికోసం చేసిన పని ఉండే అవకాశమే లేదు. తర్వాతి వరసల్లో ఉందో లేదో టైమ్‌షీట్లు తీసి చూడండి. లేకపోతే మీ 3.75 అనేది భద్రత లేని స్క్రీన్ ధర.

కాబట్టి ఈ పనులను ఫార్ములాలో కలపకుండా ఒక్కోటి విడిగా రాసి రోజులు వేయండి. రిపోర్టు హక్కుల తనిఖీ, లింకు గడువు, లాగ్‌లు, బయటివాళ్లతో సెక్యూరిటీ టెస్ట్. టెస్ట్‌కి మూడు విడతలు వేసుకోండి: వాళ్లు చూడటం, మీరు దిద్దడం, వాళ్లు మళ్లీ చూడటం. రెండో విడత రోజులు మర్చిపోయేవాళ్లే ఎక్కువ.

స్కూల్ యాప్‌కి రాసిన ఆ 112 మ్యాన్‌డేస్‌లో యాప్ ఇచ్చేశాక దిద్దిన బగ్గుల రోజులున్నాయా? బిల్లు వేసిన రోజులా, నిజంగా పనిచేసిన రోజులా? ఆరు వరసలకూ ఒకే రకం లెక్క లేకపోతే పైన చెప్పిన అంకెలన్నీ మళ్లీ కట్టుకోవాలి.

పార్టనర్ పద్ధతి పూర్తిగా పారేయాల్సిన పని లేదు. ఎన్ని స్క్రీన్లో కూడా తేలని మొదటి మీటింగ్‌లో అదొక్కటే దిక్కు. అప్పుడు కూడా ఒక యాప్ కాకుండా రెండు తీసుకుని, దేనితో ఎక్కడ తేడా ఉందో రాసి, తక్కువ నుంచి ఎక్కువ దాకా చెప్పండి.

ఈ ప్రాజెక్టు అయ్యాక ఏడో వరస రాసేటప్పుడు భద్రత రోజులను C కాలమ్‌లో కలిపేయకండి. D అని ఇంకో కాలమ్ తీయండి. కలిపితే పాత ఆరు ఒక రకం, ఏడోది ఒక రకం అయి గీత వంకరపోతుంది.