వ్యక్తిగత లాగిన్‌తో నడిచే రిఫ్రెష్

మా పవర్ బీఐ రిపోర్టులన్నీ ఒకే కుర్రాడి లాగిన్‌తో రిఫ్రెష్ అవుతున్నాయి. అతను వచ్చే నెల మానేస్తున్నాడు. ఏం ఆగిపోతుంది? ఏ ఒక్కరి పేరు మీదా లేని సర్వీస్ అకౌంట్ అవసరమా?

అవసరమే. అయితే ఆగిపోవడం వెంటనే తెలియదు, అదే అసలు చిక్కు.

గాజువాకలో మా గోడౌన్ స్టాక్ రిపోర్టు రోజూ పొద్దున్న ఆరింటికి రిఫ్రెష్ అయ్యేది. దాన్ని చేసినాయన శుక్రవారం మానేశాడు, సాయంత్రానికే ఐటీ వాళ్లు అకౌంట్ ఆపేశారు. శనివారం నుంచి రిఫ్రెష్ ఫెయిల్. రిపోర్టు మాత్రం ఎప్పట్లాగే తెరుచుకునేది, పాత అంకెలతో. ఫెయిల్ అయినట్టు మెయిల్ మామూలుగా ఓనర్‌కే పోతుంది, అంటే మూసేసిన ఆయన మెయిల్‌బాక్స్‌కే! వరసగా నాలుగుసార్లు ఫెయిలైతే పవర్ బీఐ షెడ్యూలే ఆపేస్తుంది. మంగళవారం అదీ అయింది. ఖాళీ అయిన సరుకు స్క్రీన్ మీద ఇంకా కనబడుతుంటే లోడింగ్ మేస్త్రి పట్టుకున్నాడు.

రిపోర్టు వెనక డేటా ఉండే సెమాంటిక్ మోడల్ సెట్టింగ్స్‌లో `Take over` నొక్కితే ఓనర్ మారతాడు గానీ పాస్‌వర్డ్‌లు వెంట రావు. డేటా సోర్స్ లాగిన్ మళ్లీ ఇచ్చి, షెడ్యూల్ మళ్లీ ఆన్ చేయాలి. ఆఫీసు డేటాను పవర్ బీఐకి చేర్చే గేట్‌వే మీ కుర్రాడి లాప్‌టాప్‌లో పర్సనల్ మోడ్‌లో ఉంటే అది ఇంకొకరికి బదిలీ కాదు. సర్వర్ మీద స్టాండర్డ్ గేట్‌వే వేసుకోవాల్సిందే.

కాబట్టి అతను ఉండగానే, డేటాబేస్‌లో చదివే హక్కు మాత్రమే ఉన్న సర్వీస్ అకౌంట్ తీసుకుని గేట్‌వే కనెక్షన్‌లో పెట్టండి. ఫెయిల్ మెయిళ్లు ఇద్దరికి వెళ్లేలా చూడండి. సర్వీస్ అకౌంట్ పాస్‌వర్డ్‌కీ గడువుంటే, ఆ తేదీన ఇదే కథ.