డౌన్‌లోడ్ చేసిన పీడీఎఫ్ యాప్‌లో ఎందుకు కనిపించదు?

"క్రోమ్‌లో దింపుకున్న 1బీ పీడీఎఫ్ ఫైల్స్‌లో ఉంది, లోన్ యాప్ లిస్టులో మాత్రం లేదు. ఎందుకు? మాది అనంతపురం."

ఆండ్రాయిడ్ 11 నుంచి డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో వేరే యాప్ దింపిన పీడీఎఫ్‌ను, మీరు చేత్తో ఎంచి ఇస్తే తప్ప, మామూలు యాప్ చూడలేదు. ఏ ఫైల్‌ను ఏ యాప్ తెచ్చిందో ఫోన్ గుర్తుపెట్టుకుంటుంది. మీ 1బీ క్రోమ్ తెచ్చింది, కాబట్టి లోన్ యాప్ సొంతంగా తయారుచేసుకున్న లిస్టులోకి రాదు. ఆ యాప్‌లోనే 'బ్రౌజ్' లాంటి బటన్ నొక్కితే ఫోన్ సొంత ఫైల్ విండో తెరుచుకుంటుంది. అందులో డౌన్‌లోడ్స్‌కి వెళ్లి 1బీని ఎంచితే, ఆ ఒక్క ఫైల్‌కే అనుమతి దొరుకుతుంది. బటన్ లేకపోతే ఫైల్స్ నుంచి షేర్ చేసి చూడండి.

ఫైల్ పోయిందనుకుని చాలామంది మళ్లీ మళ్లీ దింపుతారు. ఫోటోలు, వీడియోల పర్మిషన్ ఇచ్చినా లాభం లేదు, అందులోకి పీడీఎఫ్ రాదు. యాప్ తీసేసి మళ్లీ వేస్తే ఇంకో తంటా: అది తానే దింపిన పాత పీడీఎఫ్‌లు కూడా దానికి పరాయివైపోతాయి.