పక్క సీటు అన్న దగ్గర చెమట వాసన.. చెప్పాలా? ఎలా చెప్పాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, ఆఫీసులో నా పక్క సీటాయన నాకంటే నాలుగేళ్ళు సీనియర్, అన్నా అని పిలుస్తాను, నాకు పని నేర్పింది కూడా ఆయనే. ఐదారు నెలల నుంచి ఆయన దగ్గర చెమట వాసన బాగా వస్తోంది, మధ్యాహ్నం అయ్యేసరికి పక్కన కూర్చోలేకపోతున్నా. ఆయన లేచి వెళ్ళగానే మావాళ్ళు రూమ్ స్ప్రే కొట్టి నవ్వుకుంటున్నారు. ఆయనకి అసలు తెలిసినట్టే లేదు. నొచ్చుకోకుండా ఎలా చెప్పాలి? - ఓ పాఠకుడు

జవాబు: చెప్పండి. ఇంకో ఆర్నెల్లు ఆగినా ఆయనకి దానంతటదే తెలియదు, మన ముక్కు తీరే అంత. ఏ వాసనైనా ఆగకుండా వస్తుంటే కొద్దిసేపట్లోనే మెదడు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది, కొత్తగా పెయింట్ వేసిన గదిలోకి వెళ్ళగానే ముక్కు మూసుకుంటాం, కాసేపటికి ఆ సంగతే మర్చిపోతాం చూడండి, అలాగన్నమాట. ఇక మన ఒంటి వాసనైతే పొద్దస్తమానం మనతోనే ఉంటుంది, పైగా ఇంట్లోవాళ్ళకీ అలవాటైపోతుంది కాబట్టి వాళ్ళూ చెప్పరు. అందుకే వాసన వస్తోందంటే మనిషికి శుభ్రత లేదని అర్థం కాదు, చాలాసార్లు నాకు కనిపించేది దానికి పూర్తిగా రివర్స్.

నా దగ్గరికి వచ్చిన ఒకాయన సంగతి చెప్తా, వివరాలు కొంచెం మార్చాలెండి. నలభై దాటినాయన, ఓ రోజు పొద్దున్నే తన టేబుల్ మీద ఒక కొత్త సబ్బు, ఒక డియోడరెంట్ పెట్టి ఉన్నాయట, చీటీ లేదు, పేరు లేదు. ఆ రోజు నుంచి రోజుకి మూడుసార్లు స్నానం, బ్యాగులో ఒక షర్టు ఎక్స్‌ట్రా, లిఫ్ట్ ఎక్కడం మానేసి మెట్లెక్కడం, మీటింగుల్లో తలుపు పక్కన కుర్చీ. నా దగ్గరికి వచ్చేసరికి ఎనిమిది నెలలు. ఆయన ఒక మాటన్నాడు, "సబ్బు పెట్టినందుకు బాధ లేదండీ, ఎవరు పెట్టారో తెలియక అందరినీ అనుమానంగా చూశాను, అది భరించలేకపోయా" అని.

చెయ్యి ఎత్తమని చూస్తే విషయం అక్కడే ఉంది. చంకలో వెంట్రుకలకి లేత పసుపు రంగులో మైనంలాంటిది ఏదో చుట్టుకుని ఉంది, వేళ్ళతో పట్టుకుంటే గరుగ్గా తగులుతుంది, షర్టు చంకల్లో కూడా అదే పసుపు మరక. దాన్ని ట్రైకోమైకోసిస్ అంటారు, పేరు వింటే ఫంగస్ అనుకుంటారు గానీ నిజానికి బ్యాక్టీరియా. ఎంత సబ్బు రుద్దినా చర్మం శుభ్రమవుతుంది, వెంట్రుకకి పట్టిన పూత మాత్రం పోదు. ఆ వెంట్రుకలు తీసేయించి, పూతకి ఒక యాంటీబయాటిక్ మందు రాసిచ్చా, మూడు వారాల్లో తగ్గింది. ఎనిమిది నెలల నరకానికి మూడు వారాల వైద్యం! ఎవరో ఒకరు నోరు తెరిచి నేరుగా చెప్పుంటే మొదటి నెలలోనే వచ్చేవాడు కదా అనిపించింది నాకు.

అందుకే మీకు నేను మొదట చెప్పేది ఏంటంటే, మీరు చెప్పాల్సింది వాసన గురించి మాత్రమే, దాని కారణం గురించి కాదు. "స్నానం చేసి వస్తున్నారా", "బట్టలు రోజూ మారుస్తున్నారా" అన్న మాటలు మీ నోట రాకూడదు, ఎందుకంటే కారణం మీకు తెలియదు, మీరు ఊహించింది తప్పైతే ఆయన్ని మురికి మనిషి అన్నట్టే అవుతుంది. పైగా మీ ఉత్తరంలో ఐదారు నెలల నుంచి అన్నారు, అంటే అంతకుముందు లేదు. పెద్దవాళ్ళలో కొత్తగా మొదలైన వాసన అంటే ఏదో ఒకటి మారిందని, అది కొత్తగా కొన్న పాలిస్టర్ షర్టులు కావచ్చు, కొత్తగా వాడుతున్న మాత్ర కావచ్చు (డిప్రెషన్‌కి ఇచ్చే కొన్ని మందులతో చెమట బాగా ఎక్కువవుతుంది, అవి వాడుతున్నట్టు ఆఫీసులో ఎవరూ చెప్పుకోరు కూడా), థైరాయిడ్ కావచ్చు. అవన్నీ ఆయన, ఆయన డాక్టరు చూసుకుంటారు, మీకెందుకు.

ఇక ఎప్పుడు చెప్పాలి అంటే సాయంత్రం, ఇద్దరూ బయల్దేరే టైములో. పొద్దున్నే చెప్తే ఆ రోజంతా ఆయన చేతులు ఒంటికి బిగించుకుని అదే సీట్లో కూర్చోవాలి, ఎంత నరకమో ఆలోచించండి. సాయంత్రమైతే చెప్పిన ఐదు నిమిషాల్లో అక్కడినుంచి వెళ్ళిపోగలడు, రాత్రంతా టైముంటుంది. పార్కింగ్ దాకా నడుస్తూ చెప్పడం ఇంకా మంచిది, పక్కపక్కన నడుస్తుంటే ఒకరి మొహం ఒకరు చూసుకోనక్కర్లేదు. మెసేజ్ మాత్రం వద్దు, అది ఫోనులో ఉండిపోతుంది, ఆయన అర్ధరాత్రి మళ్ళీ మళ్ళీ తీసి చదువుకుంటాడు. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళడం అసలే వద్దు, అది పంచాయితీ అవుతుంది.

మాటలు ముందే అనుకుని వెళ్ళండి, లేకపోతే నాన్చి నాన్చి పావుగంట ఉపోద్ఘాతం చెప్తారు, ఆయనేమో ఉద్యోగం పోయిందేమో అని కంగారు పడతాడు. నేనైతే ఇలా అంటా: "అన్నా, ఒక్క విషయం, చెప్పడానికి నాకే ఇబ్బందిగా ఉంది, కానీ నా విషయంలో ఇలాంటిది ఉంటే మీరు నాకు చెప్పేవాళ్ళు కాబట్టి చెప్తున్నా. ఈమధ్య మధ్యాహ్నం తర్వాత మీ దగ్గర చెమట వాసన కాస్త ఎక్కువగా వస్తోంది. మన వాసన మనకి తెలియదు కదా, అందుకే చెప్పా." అంతే, ఆపేయండి. "కొంచెం ఫ్రెష్‌గా ఉంటే బాగుంటుందన్నా" లాంటి డొంకతిరుగుడు వద్దు, ఆయనకి అర్థం కాకపోతే ఇదే మాట మీరు రెండోసారి చెప్పాల్సి వస్తుంది, రెండోసారి ఇంకా కష్టం. చెమట, వాసన అన్న రెండు మాటలు స్పష్టంగా పడాలి. మీరు మంచోళ్ళు, మీ పని సూపర్ అని ముందు పొగడ్తలు కూడా వద్దు, తర్వాత ఎవరు పొగిడినా ఆయనకి భయమేస్తుంది.

చాలామంది వెంటనే అడిగే ప్రశ్న ఒకటుంది, "ఇంకెవరైనా అన్నారా?" అని. ఇక్కడే అందరూ జారిపోతారు. "అందరూ అనుకుంటున్నారన్నా" అన్నారంటే అక్కడితో ఆయనకి ఆఫీసు మొత్తం శత్రువైపోతుంది, "అబ్బే ఎవరూ అనలేదు" అంటే అది అబద్ధం, రేపు ఆ స్ప్రే సంగతి తెలిస్తే మీ మీద నమ్మకం పోతుంది. "వేరేవాళ్ళ సంగతి నేను మాట్లాడనన్నా, నాకు తెలిసింది చెప్పా, నేను ఎవరితోనూ అననులే" అనండి. కోపం వస్తే రానివ్వండి, వాదించకండి, కోపం కాదు అది సిగ్గు. నవ్వి తేలిగ్గా తీసేసినా సరే, విన్నాడు, ఇంటికెళ్ళి చూసుకుంటాడు.

ఆయనంతట ఆయన "ఏం చేయాలంటావు" అని అడిగితే మాత్రం ఇవి చెప్పొచ్చు. ముందు తనకి తానే తెలుసుకునే పద్ధతి: సాయంత్రం షర్టు విప్పి పక్కన పెట్టి, స్నానం చేసి, కాసేపు బయట గాలిలో తిరిగొచ్చి అప్పుడు ఆ షర్టు చంక కుట్టు దగ్గర వాసన చూడాలి, అప్పటికి ముక్కు కొంచెం తేరుకుంటుంది కాబట్టి తెలుస్తుంది. ఉతికిన షర్టు ఇస్త్రీ పెట్టె వేడికో ఒంటి వేడికో మళ్ళీ వాసనొస్తుంటే తప్పు బట్టలో ఉందని అర్థం, పాలిస్టర్‌లో వాసన కాటన్ కంటే గట్టిగా పట్టి ఉంటుంది, కొన్ని షర్టులు వదిలేసుకోవాల్సిందే.

నిజానికి అప్పుడే పట్టిన చెమటకి పెద్దగా వాసన ఉండదండీ, చంకల్లో ఒక రకం గ్రంథుల నుంచి వచ్చే చిక్కటి చెమటని అక్కడి బ్యాక్టీరియా తిని విడగొడితే వచ్చేదే ఈ వాసన. అందుకే దాని మీద సెంటు కొడితే రెండూ కలిసి ఇంకా ఘోరంగా ఉంటుంది. బెంజాయిల్ పెరాక్సైడ్ వాష్ అని మొటిమలకి వాడేది మందుల షాపులో దొరుకుతుంది, స్నానంలో చంకలకి రాసి రెండు నిమిషాలు ఉంచి కడిగేస్తే ఆ బ్యాక్టీరియా తగ్గుతుంది. మంటపుడితే రోజు విడిచి రోజు వాడాలి, బాగా కడుక్కోకపోతే రంగు టవళ్ళు, షర్టులు తెల్లబడిపోతాయి, ఈ సంగతి చెప్పనందుకు నేను పేషెంట్లతో తిట్లు తిన్నా. చెమటే ఎక్కువైతే యాంటీపెర్స్పిరెంట్ వాడాలి, డియోడరెంట్ కాదు, డియోడరెంట్ వాసన సంగతే చూస్తుంది, చెమటని ఆపదు. అది కూడా రాత్రి పడుకునే ముందు, పొడి చర్మం మీద. చాలామంది పొద్దున హడావిడిగా తడి ఒంటి మీద రాసుకుని పనిచేయట్లేదంటారు.

ఇవన్నీ రెండు మూడు వారాలు చేసినా మార్పు లేకపోతే, చంక వెంట్రుకలకి పూతలాంటిది కనిపిస్తే, లేదా చంకలో గోధుమ ఎరుపు రంగు మచ్చ ఉంటే స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. చెమటతో పాటు గుండె దడ, బరువు తగ్గడం, రాత్రుళ్ళు బట్టలు తడిసిపోయేంత చెమట ఉంటే ముందు ఫిజీషియన్‌ని కలవాలి. ఇక ఊపిరిలో పండిన పళ్ళలాంటి వాసన, దానితో పాటు విపరీతమైన దాహం, వాంతులు ఉంటే అది షుగర్ ఎమర్జెన్సీ, అప్పుడు ఎలా చెప్పాలా అని ఆలోచించక్కర్లేదు, నేరుగా ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

చెప్పిన మర్నాడు మీరు ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చోండి, ఎప్పుడూ మాట్లాడేలాగే మాట్లాడండి, "ఇప్పుడు బాగుందన్నా" అని కూడా అనకండి, అలా అంటే మీరు రోజూ వాసన చూస్తున్నారని ఆయనకి గుర్తు చేసినట్టే. మూడు వారాలు టైమివ్వండి. అప్పటికీ అలాగే ఉంటే ఇంకొక్కసారి, "అన్నా, ఇంకా ఉంది, ఒకసారి స్కిన్ డాక్టర్‌కి చూపించుకోండి" అని ఒక్క వాక్యం, అంతకు మించి మీ పని కాదు.

అన్నట్టు, ఆయనతో మాట్లాడే ముందు మీవాళ్ళతో ఒక మాట మాట్లాడండి. మీరు సాయంత్రం అంత జాగ్రత్తగా చెప్పాక, మర్నాడు ఆయన ఏదో మర్చిపోయి వెనక్కి తిరిగొచ్చేసరికి ఎవడో స్ప్రే కొడుతూ కనిపిస్తే ఇంకేముంది. ఆ సీసా అక్కడ్నుంచి తీయించేయండి.