ఇంగ్లండ్‌లో చేసిన ఏడాది ఎమ్మెస్సీ ఇక్కడ చెల్లుతుందా?

ప్రశ్న: సార్, మాది మిర్యాలగూడ. మా అమ్మాయి నల్గొండలో మూడేళ్ల బీఎస్సీ చేసి, ఇంగ్లండ్‌లో ఏడాది ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ పూర్తి చేసి వచ్చింది. 58 శాతం వచ్చింది. ఇప్పుడు హైదరాబాద్‌లో పీహెచ్‌డీ చేస్తానంటోంది. మన దగ్గర పీజీ రెండేళ్లు కదా, ఏడాది డిగ్రీ చెల్లదని బంధువులు అంటున్నారు. అప్పు చేసి చదివించాం, చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: మీ బంధువులు చెప్పింది పాత మాట. ఒకప్పుడు బ్రిటన్ ఏడాది పీజీకి ఇక్కడ ఈక్వివలెన్స్, అంటే మన డిగ్రీతో సమానమన్న గుర్తింపు, దొరకడం నిజంగానే కష్టంగా ఉండేది. 2022 జూలై 21న భారత్, బ్రిటన్ ప్రభుత్వాలు ఒకరి డిగ్రీలను ఒకరు గుర్తించేలా ఒప్పందం చేసుకున్నాయి. అక్కడి ఏడాది మాస్టర్స్ కూడా అందులో ఉంది. ఇంజనీరింగ్, మెడిసిన్, నర్సింగ్, ఫార్మసీ, లా, ఆర్కిటెక్చర్ మాత్రం ఆ ఒప్పందంలోకి రావు. బయోటెక్నాలజీ ఎమ్మెస్సీకి ఆ అడ్డు లేదు.

కాబట్టి ఏడాదా, రెండేళ్లా అన్న లెక్క పక్కన పెట్టండి. అప్లికేషన్లు ఆగేది వేరే చోట. ఈక్వివలెన్స్ దరఖాస్తుకు ఫీజు కట్టే ముందు అమ్మాయి ట్రాన్స్‌క్రిప్ట్, అంటే సబ్జెక్టుల వారీగా మార్కులు, క్రెడిట్లు ఉండే కాగితం, ముందు పెట్టుకుని కూర్చోండి.

మొదట క్రెడిట్లు. ఇంగ్లండ్‌లో పూర్తి మాస్టర్స్ అంటే 180 క్రెడిట్లు. అందులో సాధారణంగా 60 డిసర్టేషన్‌వి, అంటే చివర్లో రాసే పరిశోధన నివేదికవి. డిసర్టేషన్ ఫెయిలైనా, వీసా గడువో పార్ట్‌టైమ్ పనో చూసుకుని మధ్యలో వదిలేసినా, 120 క్రెడిట్లతో పోస్ట్‌గ్రాడ్యుయేట్ డిప్లొమా ఇచ్చి పంపేస్తారు. అది మాస్టర్స్ కాదు, ఏ కమిటీ ముందు పెట్టినా మాస్టర్స్ అవ్వదు. ఇంట్లో చెప్పలేక దాన్నే ఎమ్మెస్సీ అని చెప్పుకునే పిల్లలను నేను చూశాను. అందుకే కాన్వొకేషన్ ఫొటో చూసి ఊరుకోకుండా సర్టిఫికెట్ మీద అక్షరాలు చదవమంటాను. మీ అమ్మాయిని అనుమానించమని కాదు, కాగితం ఒకసారి మీరూ చూడండి.

రెండోది, పాఠాలు ఎక్కడ చెప్పారన్నది. కొన్ని ప్రైవేటు కాలేజీలు వేరే ఊళ్లోని యూనివర్సిటీ పేరు మీద కోర్సు నడుపుతాయి. పాఠం కాలేజీది, డిగ్రీ యూనివర్సిటీది. దీన్ని ఫ్రాంచైజీ అంటారు. యూజీసీ 2025 ఏప్రిల్‌లో విదేశీ డిగ్రీల గుర్తింపు కోసం తెచ్చిన నిబంధనల ప్రకారం ఫ్రాంచైజీ పద్ధతిలో చదివినదానికి గుర్తింపు రాదు. ఆన్‌లైన్‌లోనో దూరవిద్యలోనో చేసినదీ ఈ దారిలో నడవదు, తరగతికి వెళ్లి చదివి ఉండాలి. యూనివర్సిటీ సొంతంగా లండన్‌లో పెట్టుకున్న క్యాంపస్ ఫ్రాంచైజీ కాదు, ఈ తేడా గుర్తుంచుకోండి. మీ అమ్మాయిది ఏదో తెలుసుకోవడం తేలిక. వీసా కోసం ఇచ్చిన క్యాస్ లెటర్‌లో స్పాన్సర్, అంటే వీసాకు పూచీ ఇచ్చిన సంస్థ, పేరు ఉంటుంది. డిగ్రీ మీదా అదే పేరు ఉంటే మంచిదే, కానీ పాఠాలు చెప్పింది ఆ యూనివర్సిటీయేనా అన్నదీ చూసుకోండి. వేరే పేరుంటే ఆ రెండింటికీ సంబంధం ఏమిటో యూనివర్సిటీ నుంచే రాతపూర్వకంగా తెప్పించుకోండి.

మూడోది మన తెలుగువాళ్లందరి తలనొప్పి, పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, అదీ కొందరికి పొట్టి అక్షరంలో ఉంటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు సర్‌నేమ్ గడిలోకి వెళ్తుంది. ఇంగ్లండ్ యూనివర్సిటీ పాస్‌పోర్టు చూసి డిగ్రీ మీద ముందు అసలు పేరు, చివర ఇంటిపేరు వేస్తుంది. మెమోలో ‘బి. స్వాతి’, డిగ్రీలో ‘స్వాతి బొల్లం’ అని ఉంటే, ఢిల్లీలో ఫైలు చూసే మనిషికి వాళ్లు ఇద్దరిలా కనిపించవచ్చు. అందుకే రెండూ ఒకరి పేర్లేనని నోటరీ అఫిడవిట్ చేయించి, పాస్‌పోర్టు కాపీతో కలిపి ముందే జత చేయండి. వాళ్లు అడిగాక పంపితే వారాలు పోతాయి.

ఇక పీహెచ్‌డీకి మార్కుల సంగతి. యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం మాస్టర్స్‌లో 55 శాతం ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, నాన్ క్రీమీలేయర్ ఓబీసీ, ఈడబ్ల్యూఎస్, దివ్యాంగ అభ్యర్థులకు 5 శాతం సడలింపు ఉంది. ఇంగ్లండ్‌లో మాస్టర్స్ పాస్ మార్కు 50, మెరిట్ 60, డిస్టింక్షన్ 70. అక్కడ 58 అంటే మంచి మార్కే, ఇక్కడి 55 గీత కూడా దాటేసింది. దేవరకొండ నుంచి వచ్చిన ఓ అబ్బాయికి 53 వచ్చింది. ఈక్వివలెన్స్ సర్టిఫికెట్ వస్తే మార్కులు కూడా పెరిగినట్టేనని అతను అనుకున్నాడు. ఆ సర్టిఫికెట్ డిగ్రీ స్థాయిని చెబుతుందే తప్ప మార్కులను మార్చదు. నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ ఉంది కాబట్టి సడలింపుతో గట్టెక్కాడు.

దరఖాస్తు ఎవరికి చేయాలి? ఢిల్లీలోని భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం, అందరూ ఏఐయూ అనేది, దశాబ్దాలుగా ఈ సర్టిఫికెట్లు ఇస్తూ వచ్చింది. 2025 నిబంధనలతో యూజీసీ కూడా సొంత ఆన్‌లైన్ పద్ధతి తెచ్చింది. నిపుణుల స్థాయీ సంఘం అప్లికేషన్ చూస్తుంది, 15 పనిదినాల్లో నిర్ణయం చెప్పాలన్నది నియమం. అదనపు కాగితాలు అడిగితే సమయం పెరుగుతుంది. తిరస్కరిస్తే రివ్యూ కోరే వీలూ ఉంది. ఈ రెండింటిలో ఏదన్నది మీరు ఊహించుకోవద్దు. అమ్మాయి చేరాలనుకునే యూనివర్సిటీ పీహెచ్‌డీ నోటిఫికేషన్‌లో ఏ పేరు రాసి ఉందో చూడండి. స్పష్టంగా లేకపోతే అక్కడి అడ్మిషన్ల డైరెక్టరేట్‌కు ఈమెయిల్ పెట్టి, జవాబు ప్రింట్ తీసి ఉంచుకోండి. ఫోన్లో చెప్పిన మాట ఇంటర్వ్యూ రోజున పనికిరాదు. రేపు లెక్చరర్ పోస్టులకు పెట్టినా ఇదే పద్ధతి. వెరిఫికేషన్ పిలుపు వచ్చాక పరుగెత్తకుండా ముందే చేతిలో ఉంచుకోండి.

పంపే ఫైల్లో పది, ఇంటర్, బీఎస్సీ మార్కుల మెమోలు, ఎమ్మెస్సీ డిగ్రీ, పూర్తి ట్రాన్స్‌క్రిప్ట్, పాస్‌పోర్టులో వీసా, రాకపోకల ముద్రలున్న పేజీలు ఉంచండి. ఈ ముద్రలను ఎవరూ పట్టించుకోరు కానీ, అమ్మాయి నిజంగా అక్కడ ఉండి చదివిందని చెప్పేవి అవే. ముద్ర లేని చోట బోర్డింగ్ పాస్ అయినా దాచి ఉంటే మంచిది.

పీహెచ్‌డీ కాకుండా జీనోమ్ వ్యాలీలో ప్రైవేటు ఉద్యోగానికే వెళ్తుందనుకోండి, ఈ సర్టిఫికెట్ చాలావరకు అడగరు. కంపెనీ ఏజెన్సీ ద్వారా నేరుగా యూనివర్సిటీని అడిగి డిగ్రీ సరిచూసుకుంటుంది. అప్పుడు ఫీజు దండగే.

ఒక పని మాత్రం ఇవాళే చేయమనండి. యూనివర్సిటీ స్టూడెంట్ లాగిన్ ఇంకా తెరుచుకుంటుందేమో చూసి, ట్రాన్స్‌క్రిప్ట్, మాడ్యూళ్ల వివరాలు, క్యాస్ లెటర్ అన్నీ డౌన్‌లోడ్ చేసుకోవాలి. కోర్సు అయ్యాక కొన్నాళ్లకు ఆ లాగిన్ మూసేస్తారు. తర్వాత ఒక్కో కాగితానికీ పౌండ్లలో కట్టాల్సి వస్తుంది.